కొండ దిక్కుకు తిరుగు

పెళ్లికి పోతే అందరూ పెళ్లికూతురి చీర చూస్తారు. నేను భోజనాల బంతి చూస్తాను. ఆకుల వరుస ఎక్కడ వంకర పోయిందో, ఎవరు ఒక అడుగు ముందుకు జరిగి కూర్చున్నారో నా కంటికి ముందు అదే పడుతుంది. ఒకసారి మా ఆడబిడ్డ కొడుకు పెళ్లిలో "ఆ చివరాయన కొంచెం వెనక్కి జరగండి" అని నోరు జారాను కూడా. అప్పటినుంచి మా ఆయన ఏ పెళ్లిలోనైనా నన్ను గోడ వైపు మొహం పెట్టించి కూర్చోబెడుతున్నాడు. ఏం చేస్తాం, ఇరవై ఏళ్లకు పైగా బళ్లలో పిల్లల్ని వరుసల్లో నిలబెడుతున్న దాన్ని. నా పేరు శివజ్యోతి. పిల్లలకు మాత్రం డ్రిల్లు మేడంనే.

మా హైస్కూలు మైదుకూరుకు దగ్గర్లో ఒక పల్లెలో ఉంది. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ అదే బడి. ఆరు నుంచి పది దాకా ఐదు వందలకు కొంచెం తక్కువ మంది పిల్లలు. ఈ ఏడు వార్షికోత్సవానికి అందరితో మాస్ డ్రిల్లు చేయిస్తానని జనవరి మొదట్లోనే చెప్పేశాను. అందరితో అంటే అందరితోనే. ఏటా జరిగేది నాకు తెలుసు. ముప్పై మంది సినిమా పాటలకు గంతులేస్తారు, పది మంది నాటిక వేస్తారు, మిగతా వాళ్లంతా కింద కూర్చుని చప్పట్లు కొడతారు. వాళ్ల అమ్మలు కూలి మానుకుని వచ్చి పక్కింటి పిల్ల డాన్సు చూసి పోతారు. చూసి చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

మా హెడ్మిస్ట్రెస్ సుబ్బలక్ష్మమ్మ గారు మంచి మనిషి. కాకపోతే, ముఖ్య అతిథి ముందు పరువు ఎక్కడ పోతుందోనని ఆర్నెల్ల ముందు నుంచే బెంగ పెట్టుకునే రకం. అంతమంది అంటే గందరగోళం అవుతుందేమో, ఎనిమిది తొమ్మిది తరగతుల నుంచి ఒక వంద మందిని ఏరుకుంటే చాలు కదా అన్నారు. ఏరితే అది మాస్ డ్రిల్లు కాదు మేడం, సెలెక్షను అన్నాను. ఆవిడ సరే అన్నారు. అయితే పూర్తి రిహార్సల్ తను చూస్తానని, అది బాగా లేకపోతే ఆరూ ఏడూ తరగతుల్ని తీసేయాల్సిందేనని ఒక మెలిక పెట్టారు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక చేసేదేముంది.

పని మొదలైంది. మాస్ డ్రిల్లంటే చాలామంది పిల్లలందర్నీ గ్రౌండులోకి తోలి విజిల్ ఊదడం అనుకుంటారు. అలా తోలితే మొదటి రోజంతా నిలబెట్టడానికే సరిపోతుంది. నేను ముందు సెక్షన్ల వారీగా, ఎవరి డ్రిల్లు పీరియడ్‌లో వాళ్లకే వ్యాయామాలు నేర్పాను. చేతులు ముందుకు, పక్కకు, పైకి, కిందికి. పదహారు లెక్కలకు ఒక వ్యాయామం. అది వచ్చాక రెండేసి తరగతుల్ని కలిపాను. అందరూ కలిసేది చివరి వారంలోనే, అదీ పొద్దున ప్రార్థన కాగానే, ఎండ ముదరక ముందు. ఎక్కువసేపు చేయించను. అలసిన పిల్లకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు, పైగా తప్పే అలవాటవుతుంది.

నేల మీద గుర్తుల సంగతి ఇంకో కథ. మూరెడు మూరెడుకు కాదు, రెండు చేతులూ చాచినా పక్క పిల్లకు తగలనంత దూరానికి ముడులు వేసిన తాడు నా దగ్గరుంది. రెండు మేకులకు ఆ తాడు బిగించి, ముడి ముడి దగ్గర సున్నంతో చుక్క పెట్టుకుంటూ పోవాలి. ఇరవై నాలుగు వరుసలు. పొట్టి పిల్లలు ముందు, పొడుగు వాళ్లు వెనక. ఒక్కో పిల్లకు ఒక్కో చుక్క. మా ఆరో తరగతి వాళ్లు తమ చుక్కకు పేర్లు కూడా పెట్టుకున్నారు.

విద్యా కమిటీ చైర్మన్ నరసింహన్న ఒకరోజు వచ్చి, ఆఖర్న పిల్లలంతా కలిసి బడి పేరు అక్షరాలుగా నిలబడితే బాగుంటుంది కదా అన్నాడు. ఆయనకు పసుపు మండీ ఉంది, బోర్లు వేసే బండ్లు రెండున్నాయి, ఉత్సాహానికి లోటు లేదు. అక్షరాలు మేడ మీద నుంచి చూస్తే కనిపిస్తాయి గానీ, మూడడుగుల స్టేజీ మీద కుర్చీలో కూర్చుంటే ముందు వరుస తలకాయలు తప్ప ఏమీ కనిపించవన్నాను. అందుకే నేను ఆఖర్న పువ్వు పెట్టాను. లోపలి వలయం కూర్చుంటుంది, నడిమి వలయం మోకాళ్ల మీద ఉంటుంది, బయటి వలయం నిలబడుతుంది; డ్రమ్ము మోగగానే లోపలి నుంచి బయటికి ఒక్కో వలయం చేతులు విప్పుతుంది. ఇది కింద కూర్చున్న వాళ్లకూ కనిపిస్తుంది. నరసింహన్న ఒప్పుకున్నాడు గానీ మొహం కొంచెం చిన్నబోయింది.

డ్రమ్ము దగ్గర ఒక చిక్కు వచ్చింది. పదో తరగతి భూపేష్ డ్రమ్ము బాగా కొడతాడు. వాణ్ణి స్టేజీ పక్కన నిలబెడితే వెనక వరుసలు ప్రతి దెబ్బకూ ఒక పిసరు ఆలస్యంగా చెయ్యెత్తుతున్నాయి. తిట్టాను కూడా. తీరా నేనే వెనక్కి పోయి వింటే తప్పు వాళ్లది కాదు. శబ్దం అంత దూరం రావడానికి ఆ పిసరు పడుతుంది. డ్రమ్మును వరుసల మధ్యకు తెచ్చి పెట్టేసరికి అందరి చేతులూ కలిశాయి. తిట్లు తిన్న వాళ్లకు ఆ రోజు మధ్యాహ్నం చిక్కీలు ఎక్కువ ఇప్పించాను.

ఇక అసలు చిక్కు, కుడి ఎడమలు. ప్రతి వ్యాయామాన్నీ నాలుగు పక్కలకు తిరిగి నాలుగుసార్లు చేయాలి. "రైట్ టర్న్" అంటే ఆరో తరగతిలో సగం మంది కుడికి, సగం మంది ఎడమకు తిరిగి ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని నవ్వుతారు. తెలుగులో చెప్పినా అంతే. అన్నం తినే చెయ్యి ఏదో అందరికీ తెలుసు, కానీ తిరగమనేసరికి ఆ చెయ్యి ఎక్కడుందో మర్చిపోతారు. అయితే ఇళ్లలో వీళ్లు మాట్లాడుకునేది వేరు. గొర్రెలు కొండ దిక్కు పోయినాయంటారు, మంచం రోడ్డు దిక్కుకు జరుపమంటారు. నేనూ ఈ ఊరి దాన్నే కదా. ఒకరోజు విసుగు పుట్టి, "కొండ దిక్కూ..." అని సాగదీసి, ఒక క్షణం ఆపి, "తిరుగు" అని కత్తిరించాను. మొత్తం సెక్షను ఒక్కసారిగా తూర్పుకు తిరిగింది. ఒక్క కాలు తడబడలేదు.

ఆజ్ఞ ఇవ్వడంలో ఉన్న కిటుకంతా ఆ ఆపడంలోనే ఉంది. ముందు మాట సిద్ధపడమని చెప్పడానికి, వెనక మాట చేయమని చెప్పడానికి. రెంటినీ కలిపేస్తే ఎవడి తొందర వాడిది. అప్పటినుంచి నా ఆజ్ఞలు నాలుగే. ఎదురుగా, ఉత్తరాన, బడి దిక్కు; స్టేజీ ఏటా బడి వరండాకు ఆనించే వేస్తారు. కుడి పక్క కొండ దిక్కు. వెనక రోడ్డు దిక్కు. ఎడమ పక్క నీళ్ల ట్యాంకు దిక్కు. నెల రోజుల పని వారంలో అయిపోయింది. స్టాఫ్ రూములో నేను కాలు మీద కాలు వేసుకుని టీ తాగాను.

ముందు వరుస కుడి చివర రమణిని నిలబెట్టాను. ఆరో తరగతి బి సెక్షను. వరుసలన్నీ ఆ చివరి పిల్లను చూసే సర్దుకుంటాయి కాబట్టి అక్కడ నిలబడే పిల్ల కదలకూడదు. కదలకుండా నిలబడగలిగే పిల్ల ఐదు వందల మందిలో ఒకళ్లో ఇద్దరో దొరుకుతారు. ఈగ వాలినా రమణి కళ్లార్పదు. వాళ్లమ్మ లక్ష్మక్క పసుపు తవ్వే కూలికి పోతుంది. ఒకరోజు పొలానికి పోతూ గేటు దగ్గర ఆగి, తన కూతురు ఏం చేస్తుందని అడిగింది. కదలకుండా నిలబడుతుందని, మిగతా అందరూ ఆమెను చూసే నిలబడతారని చెప్పాను.

"ఇంట్లో ఒక్క గడియ నిలబడదు మేడం," అని నవ్వింది లక్ష్మక్క. "మా కూలోల్లందరికీ చెప్పినా. ఆ పొద్దు ఎవురూ పనికి పోము. గోడ కాడ నిలబడి సూస్తాము."

సరిగ్గా వార్షికోత్సవం మూడు రోజులు ఉందనగా పొద్దున బడికి వచ్చేసరికి వరండా ముందు ఇసుక గుట్ట, కంకర గుట్ట, ఇనుప చువ్వలు. కొత్త గదులు మంజూరయ్యాయట, లారీల వాళ్లు రాత్రికి రాత్రి దించిపోయారు. గ్రౌండుకు పడమట, నీళ్ల ట్యాంకు కింద, షామియానా వాళ్లు స్టేజీకి గుంజలు పాతుతున్నారు. పక్కనే నరసింహన్న నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

నా మొహం చూసి ఆయన ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. ఇదే మంచి చోటట. సాయంత్రం ఎండ అతిథుల వీపుకు పడుతుందట, కూర్చున్న వాళ్ల మొహాలు తూర్పుకు ఉంటాయట, శుభమట. పోయినేడు వచ్చినాయన ఎండకు ఆహ్వాన పత్రిక అడ్డం పెట్టుకుని సభంతా గడిపాడని గుర్తు చేశాడు. అదంతా నిజమే. కానీ నా ఐదు వందల మంది పిల్లలు బడికి ఎదురుగా నిలబడతారు. ఇప్పుడు అతిథికి వాళ్ల ఎడమ భుజాలు కనిపిస్తాయి.

"దానికేముంది మేడం," అన్నాడు నరసింహన్న. "పిల్లోల్లే గదా. అట్ల తిప్పి నిలబెడితే సరిపాయె."

తిప్పితే సరిపోదు. ఉన్నచోటనే ఎడమకు తిప్పితే పొట్టి పిల్లలంతా ఒక పక్కకు, పొడుగు వాళ్లంతా ఇంకో పక్కకు వస్తారు. ఒకే ఎత్తు వాళ్లు ఒకళ్ల వెనక ఒకళ్లు మునిగిపోతారు. చుక్కలన్నీ మళ్లీ పెట్టాలి. అవి పెట్టవచ్చు, తాడు ఉంది, సున్నం ఉంది. కానీ దిక్కుల్ని ఏం చేయను? పిల్లల ఒంట్లో కొండ కుడి పక్కనుంది. ఇప్పుడు అది వీపు వెనక్కి పోతుంది. ఇదంతా ఆయనకు చెప్పబోయి, చెప్పినా అర్థం కాదని మానుకున్నాను.

ఆ పొద్దే తాడు పట్టుకుని చుక్కలన్నీ పడమటికి తిప్పి పెట్టాను. మరునాడు, మళ్లీ రైట్ టర్న్, లెఫ్ట్ టర్న్ అంటూ మొదలుపెట్టాను. సుబ్బలక్ష్మమ్మ గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. అది జరిగిన తీరు నేను మా ఆయనకు కూడా పూర్తిగా చెప్పలేదు. నేను కుడి అంటే సగం మంది కొండ దిక్కు చూశారు. నెల రోజులుగా కుడి అంటే కొండే కదా వాళ్లకు. మిగతా సగం నిజమైన కుడికి తిరిగారు. ఏడో తరగతి పిల్లోడి మోచేయి వెనక వాడి ముక్కుకు తగిలింది. పువ్వు విప్పేసరికి లోపలి వలయంలో ఒక పది మంది బయట ఉన్నారు. రమణి మాత్రం కదలకుండా నిలబడింది. ఎటు తిరగాలో తెలియక నిలబడింది.

సుబ్బలక్ష్మమ్మ గారు కోప్పడలేదు. అదే బాధ. నన్ను పక్కకు పిలిచి, నీ కష్టం నేను చూశాను శివజ్యోతీ, నీ తప్పు కాదిది, కానీ రేపటి రిహార్సల్లో కూడా ఇట్లాగే ఉంటే ఆరూ ఏడూ తరగతులు కింద కూర్చుంటాయి అన్నారు. ఆ మాట పిల్లలకు ఎలా తెలిసిందో, ఇంటర్వెల్‌కంతా తెలిసిపోయింది. రమణి వచ్చి, వాళ్లమ్మకు రావద్దని చెప్పాలా అని అడిగింది. ఏడవలేదు. మామూలుగానే అడిగింది. చెప్పొద్దన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక స్టాఫ్ రూములో కూర్చోబుద్ధి కాక కొళాయిల వైపు పోయాను. అక్కడ ఆరో తరగతి ఆడపిల్లలు డ్రిల్లు ఆట ఆడుకుంటున్నారు. ఒకతి కొళాయి గట్టు ఎక్కి నిలబడింది, మెడలో తాడుకు చింతకాయ కట్టుకుంది, అది నా విజిలన్నమాట. నా గొంతు పెట్టి, నా నడుము పట్టుకునే తీరు కూడా దింపేసి, "బడి దిక్కూ... తిరుగు" అంది. పదిహేను మంది చటుక్కున ఆమె వైపు తిరిగారు. ఆమె వెనక ఉన్నది బడి కాదు, పశువుల తొట్టి. తరువాత "కొండ దిక్కు" అంది. అందరూ గోడ వైపు తిరిగారు. అసలు కొండ వాళ్ల వెనక నిక్షేపంగా ఉంది. ఒక్కతికి కూడా అనుమానం రాలేదు.

నేను వేపచెట్టు చాటున నిలబడి చాలాసేపు చూశాను. అప్పుడు తెలిసింది. ఈ పిల్లలు నిజం కొండను చూసి తిరగడం లేదు. మేడం ఎక్కడుంటే అక్కడ బడి. బడికి కుడి పక్కనున్నది కొండ. ఆటలో వాళ్లు దిక్కులు మోసుకుని పోతారు, ఎక్కడ దించితే అక్కడ ఉంటాయి. పొద్దున రిహార్సల్ చెడగొట్టింది వాళ్లు కాదు, మధ్యలో కొత్త మాటలు తెచ్చిన నేను. నాకు పట్టరాని సంతోషమేసి, చెట్టు చాటు నుంచి బయటికి వచ్చాను. నన్ను చూసి చింతకాయ మెడలో ఉన్న పిల్ల గట్టు మీద నుంచి దూకి పారిపోయింది.

చివరి పీరియడ్‌లో పిల్లలందర్నీ గ్రౌండులో కూర్చోబెట్టాను. పదో తరగతి నుంచి నలుగురు పొడుగు పిల్లల్ని పిలిచి, నాలుగు రంగుల చీర ముక్కలు కట్టిన కర్రలు ఇచ్చాను. పచ్చ గుడ్డ కొండ. తెల్ల గుడ్డ బడి. నీలం గుడ్డ ట్యాంకు. ఎర్ర గుడ్డ రోడ్డు. తెల్ల గుడ్డ వాణ్ణి స్టేజీ దగ్గర, అంటే నిజం ట్యాంకు కింద, నిలబెట్టాను. పచ్చ గుడ్డ పిల్లను నిజం బడి ముందు, ఇసుక గుట్ట మీద ఎక్కించాను. నీలం గుడ్డ నిజం రోడ్డు గోడ దగ్గరికి, ఎర్ర గుడ్డ పిల్లల వెనక నిజం కొండ వైపుకు పోయాయి.

"ఇది ఆట," అన్నాను పిల్లలతో. "ఈ పొద్దు నుంచి కొండ ఆడుండాది. బడి ఈడికొచ్చింది. నిజం కొండను సూసినోల్లు ఓడిపోయినట్టు."

ఐదు వందల మంది ఒక్కసారిగా నవ్వారు. నవ్వు ఆగేదాకా ఆగాను. ఆటంటే వాళ్లు ప్రాణం పెడతారని నాకు తెలుసు. మొదటిసారి పెద్ద తరగతుల వాళ్లే ఓడిపోయారు. వాళ్లకు తెలివెక్కువ, కళ్లు నిజం కొండ వైపు పోతున్నాయి. ఆరో తరగతి వాళ్లు ఒక్కళ్లు కూడా ఓడలేదు. రెండోసారికి పెద్దవాళ్లకు సిగ్గేసింది. బడి విడిచే గంట కొట్టే వేళకు, అసలు కొండ ఎటుందని నన్నే ఎవరైనా అడిగి ఉంటే నేను ఇసుక గుట్టను చూపించేదాన్నేమో.

మరునాడు పొద్దున సుబ్బలక్ష్మమ్మ గారు మళ్లీ కుర్చీ వేయించుకున్నారు. పిల్లలు ఇప్పుడు తూర్పు గోడ దగ్గరున్న వేపచెట్ల కింద నుంచి రెండు పాయలుగా నడిచి వచ్చారు. ఇదివరకు వెనక రోడ్డు దిక్కు నుంచి వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ వెనక ఇక్కడికి వచ్చింది, అంతే. రమణి తన చుక్క మీద ఆగింది. ఆమెను చూసి ముందు వరుస, దాన్ని చూసి వెనక వరుసలు సర్దుకున్నాయి. నేను "కొండ దిక్కూ..." అన్నాను. హెడ్మిస్ట్రెస్ తలెత్తి తూర్పున ఉన్న కొండను చూశారు. "తిరుగు" అన్నాను. పిల్లలంతా ఉత్తరానికి తిరిగారు. ఆవిడ గాభరాగా లేచి నిలబడ్డారు. మళ్లీ చూసుకున్నారు. ఒక్క పిల్ల కూడా తప్పు తిరగలేదు, అందరూ కలిసే తిరిగారు. ఆవిడ మెల్లగా కూర్చున్నారు.

పువ్వు విప్పుకున్నాక నన్ను దగ్గరికి పిలిచి, కొండ అన్నావు, బడి దిక్కు తిప్పావు, ఇదేం విచిత్రం అని అడిగారు. కొండ జరిగింది మేడం అన్నాను. అందర్నీ ఉంచుకో అన్నారు ఆవిడ. నేను పరుగెత్తుకుంటూ పోయి ఆరో తరగతికి చెప్పాను, ఈ వయసులో పరుగెత్తకూడదని తెలిసినా.

వార్షికోత్సవం రోజు ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు. ఎవరైనా ఆలస్యంగానే వస్తారు కాబట్టి పిల్లల్ని ముందే నిలబెట్టలేదు. వేపచెట్ల నీడలో వాళ్ల వరుస క్రమంలోనే కూర్చోబెట్టి నీళ్లు తాగించాను. లేవమంటే లేచి నడవడమే. కుర్చీలన్నీ స్టేజీ ముందు రెండు పక్కలా పెద్దవాళ్లకు, వాళ్ల బంధువులకు సరిపోయాయి. కూలి మానుకుని వచ్చిన ఆడవాళ్లు రోడ్డు వైపు ప్రహరీ గోడ దగ్గర చేరారు. గోడ పొట్టిది, కొందరు ఎక్కి కూర్చున్నారు. పసుపు మరక వదలని చేతులతో లక్ష్మక్క మధ్యలో నిలబడి పక్కామెకు ఏదో చూపిస్తోంది.

డ్రిల్లు బాగా జరిగింది. దాని గురించి ఎక్కువ చెప్పను, సరిగ్గా జరిగిన డ్రిల్లులో చెప్పడానికి ఏమీ ఉండదు. ఐదు వందల జతల చేతులు ఒకే దెబ్బకు లేచి ఒకే దెబ్బకు దిగాయి. నాలుగు రంగుల గుడ్డలు అలంకారమనుకున్నారు అందరూ. పువ్వు విప్పుకున్నప్పుడు గోడ దగ్గర నుంచి ఈల వినిపించింది. ఏ ఆడమనిషి వేసిందో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు. నా కళ్లు చెమర్చాయి. దుమ్ము పడిందనుకున్నారు.

పువ్వు నుంచి మళ్లీ వరుసల్లోకి తెచ్చి, నిష్క్రమించే ఆజ్ఞ ఇవ్వబోతుండగా నరసింహన్న మైకు అందుకున్నాడు. ఫోటోగ్రాఫరును తీసుకుపోయి కొండ పక్కన నిలబెట్టాడు. ఆయన ఆలోచన నాకు అర్థమైంది. పిల్లలు తూర్పుకు తిరిగితే వాళ్ల వెనక స్టేజీ వస్తుంది, స్టేజీ మీద బ్యానరు వస్తుంది, బ్యానరు మీద ఆయన పేరు పెద్ద అక్షరాలతో వస్తుంది. అందులో తప్పేమీ లేదు, బ్యానరు ఖర్చు ఆయనదే.

"పిల్లోల్లూ," అన్నాడు మైకులో. ఆయనకు నా ఆజ్ఞలు బాగా నచ్చినట్టున్నాయి, నాలాగే సాగదీశాడు. "అందరూ కొండ దిక్కూ... తిరుగు."

ఐదు వందల మంది ఒక్కసారిగా ఇసుక గుట్ట వైపు తిరిగారు.

ఫోటోగ్రాఫరు కెమెరాను కంటి నుంచి దించాడు. అతనికి కనిపించింది పిల్లల కుడి చెవులే. నరసింహన్న మళ్లీ కొండ దిక్కు అన్నాడు, ఈసారి గట్టిగా. ఇంకా ఎటు తిరుగుతారు? కొండ దిక్కే తిరిగి ఉన్నారు కదా. చేతులు తొడలకు ఆనించి, గడ్డాలు ఎత్తి, పచ్చ గుడ్డను చూస్తూ నిలబడ్డారు. నిజం కొండను చూసిన వాళ్లు ఓడిపోయినట్టు. నా పక్కన సుబ్బలక్ష్మమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ భుజాలు ఊగుతున్నాయి.

నా మెడలో విజిల్ ఉంది. రోడ్డు దిక్కు అని ఒక్క మాట అంటే పిల్లలంతా తూర్పుకు తిరుగుతారు, ఆయన బ్యానరు ఫోటోలోకి వస్తుంది. విజిల్ నోటి దాకా తెచ్చాను. అప్పుడు పిల్లల వెనక ఏముందో చూశాను. రోడ్డు వైపు గోడ ఉంది. గోడ పొడుగునా వాళ్ల అమ్మలు ఉన్నారు. విజిల్ వదిలేసి, ఫోటోగ్రాఫరును ఇసుక గుట్ట మీదికి రమ్మని చెయ్యి ఊపాను. అతను పరుగెత్తుకుని వచ్చి ఎక్కాడు. ఈ ఎత్తు నుంచి అందరూ ఫోటోలో పడతారు మేడం అన్నాడు. తియ్యి అన్నాను.

ఆ ఫోటో ఇప్పుడు హెడ్మిస్ట్రెస్ గదిలో పెద్దది చేయించి పెట్టారు. నరసింహన్న మొదట చూసి మూతి ముడిచాడు. తరువాత వాళ్లావిడ రామలక్ష్మమ్మ గోడ మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఉండటం కనిపెట్టి, ఇంట్లో పెట్టుకుంటానని ఇంకో కాపీ అడిగాడు. కుర్చీ వేయించినా ఆమె అక్కడికే పోయిందట.

పోయిన వారం లక్ష్మక్క వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, గదిలోకి వచ్చి, ఫోటో ముందు నిలబడింది. ముందు వరుస చివర రమణి దొరకడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. తరువాత వేలు మెల్లగా పైకి జరుపుకుంటూ పోయి గోడ దగ్గర ఆపింది.

"ఇదిగో నేను," అంది. "నేనూ నా బిడ్డా ఒకే ఫోటోలో ఎప్పుడూ పడలేదు మేడం. ఇదే మొదలు."

నేను కూడా దగ్గరికి పోయి చూశాను. నా కంటికి ముందు పడేది వరుసే కదా. పిల్లల వరుసలు తాడు పట్టినట్టు ఉన్నాయి. గోడ దగ్గరి వరుస మాత్రం శానా వంకర. కొందరు ముందుకు వంగారు, కొందరు పక్కకు ఒరిగారు, ఒకామె చెయ్యి ఇంకొకామె మొహానికి అడ్డం వచ్చింది. చాలాసేపు చూశాను. ఎవరినీ వెనక్కి జరగమనాలని అనిపించలేదు.